వాట్సాప్ మెసేజీ నుంచి తహసీల్దారుకు అర్జీ దాకా: మాట్లాడే తెలుగును ఆఫీసు తెలుగులోకి మార్చే పద్ధతి

ముందు ఈ మెసేజీ చూడండి. గుంటూరు, కృష్ణా వైపు ఊళ్లలో ఒక కొడుకు తమ ఊరి వీఆర్వోకు పంపే తరహా మెసేజీ ఇది. ఉదాహరణ కోసం రాసింది కాబట్టి ఇందులోని వివరాలూ, కింద వచ్చే తేదీలూ నంబర్లూ కల్పితాలే.

"అన్నా నమస్తే. మొన్న పాస్‌బుక్ వచ్చింది కానీ మా పొలం ఎకరం ఇరవై ఉంటే అందులో ఎనభై సెంట్లే పడింది. నాన్న పోయాక అమ్మ పేరు మీదకి మార్పించుకున్నాం కదా, అప్పుడు కరెక్టుగానే ఉంది. రెండు మూడు సార్లు ఆఫీసుకి వచ్చాం, రేపు రా ఎల్లుండి రా అంటున్నారు. పక్కాయనకి ఎక్కువ పడిందంట. కొంచెం చూసి సరిచేయించన్నా, లోను తీసుకోవాలి అర్జెంటు."

మెసేజీగా ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. చదివే వీఆర్వోకు ఊరు తెలుసు, ఇల్లు తెలుసు, పొలం ఏ గట్టు పక్కన ఉందో కూడా తెలుసు. కానీ ఇదే విషయం అర్జీగా తహసీల్దారు కార్యాలయానికి వెళితే ఫైలు తెరిచే గుమస్తాకు ఈ కుటుంబం ఎవరో తెలియదు. ఆరు నెలల తర్వాత సీటు మారి కొత్తగా వచ్చిన అధికారికి అసలే తెలియదు. అందుకే ఇది మాటకు మాట మార్చే పని కాదు. "పాస్‌బుక్" తీసేసి "పాసు పుస్తకం" పెట్టినంత మాత్రాన మెసేజీ అర్జీ అయిపోదు. పరిచయం వల్ల చెప్పకుండా వదిలేసినవన్నీ కాగితం మీదికి తేవాలి. పరిచయం వల్ల మాత్రమే చెల్లిన మాటలన్నీ తీసేయాలి. భాష సంగతి ఆ తర్వాత.

ముందు తేల్చాల్సింది: అర్జీ ఎవరిది?

మెసేజీ పంపింది కొడుకు. పట్టా మాత్రం తల్లి పేరున ఉంది. కాబట్టి అర్జీదారు తల్లి. కొడుకు కూర్చుని రాసినా, టైపు చేసినా, తీసుకెళ్లి ఇచ్చినా సంతకం ఆమెదే. చాలా అర్జీలు పక్కన పడేది ఇక్కడే. "మీరెవరు, పట్టాదారు ఎవరు?" అని అడిగి వెనక్కి ఇస్తారు.

అర్జీదారు మారగానే బంధుత్వాలు కూడా మారతాయి. మెసేజీలో "నాన్న" అన్నది అర్జీలో "నా భర్త" అవుతుంది, "అమ్మ పేరు మీదకి" అన్నది "నా పేరిట" అవుతుంది. రాస్తున్నది కొడుకు కావడంతో సగం దాకా "నా భర్త" అని రాసి, కింద ఎక్కడో "మా నాన్నగారి పేరున ఉన్నప్పుడు" అని జారిపోవడం మామూలే. మొత్తం రాశాక బంధుత్వపు మాటల కోసమే ఒకసారి విడిగా చదవండి.

ఇంకొక చిన్న మాట దగ్గర కూడా ఆగాలి: "మా పొలం". తెలుగులో మన సొంతదాన్ని "నా" అనడం మొరటుగా వినిపిస్తుంది. మా ఇల్లు, మా ఊరు, మా నాన్న అంటాం, ఒక్కడే కొడుకైనా సరే. కానీ భూమి కాగితంలో "మా భూమి" అంటే ఉమ్మడి పట్టా అనే అర్థం వస్తుంది, ఇంకా ఎవరెవరు హక్కుదారులన్న ప్రశ్న లేస్తుంది. పట్టా ఒక్కరిదే అయితే "నా పేరిట ఉన్న భూమి" అనే రాయాలి. నలుగురిది అయితే నలుగురి పేర్లూ రాసి, నలుగురూ సంతకం చేయాలి. అప్పుడు మాత్రమే "మా".

ఇక ఎవరికి రాయాలి? మెసేజీ వీఆర్వోకు వెళ్లినా, సవరణ అడగాల్సింది తహసీల్దారును. మాటల్లో ఇప్పటికీ "ఎమ్మార్వో ఆఫీసు" అంటాం. కాగితం మీద మాత్రం "తహసీల్దారు, తహసీల్దారు కార్యాలయం" అనే రాయాలి. అధికారి పేరు రాయనక్కర్లేదు, హోదా చాలు. బదిలీలు అవుతుంటాయి కదా, పేరు మీద రాస్తే అది వ్యక్తికి రాసిన ఉత్తరంలా కనిపిస్తుంది.

మెసేజీని విప్పడం

ఒక తెల్ల కాగితం తీసుకుని మెసేజీలో ప్రతి వాక్యం కింద "ఏది, ఎంత, ఎప్పుడు, రుజువేమిటి" అని ప్రశ్నలు వేసుకోండి. జవాబు మెసేజీలో లేకపోతే ఇంట్లో బీరువా తెరవాలి.

"మొన్న పాస్‌బుక్ వచ్చింది." మొన్న అంటే ఏ రోజు? మన మాటల్లో మొన్న అంటే రెండు రోజుల కిందటా కావచ్చు, రెండు నెలల కిందటా కావచ్చు. తేదీ పట్టుకోవాలి: 26-06-2025. ఏ ఖాతా, ఏ సర్వే నంబరు? ఖాతా నంబరు 347, సర్వే నంబరు 112/2. రీసర్వే పూర్తయిన గ్రామమైతే పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం అనే కొత్త నంబరు వచ్చి ఉంటుంది. అలాంటప్పుడు రెండూ రాయండి. పాత కాగితాల్లో ఒక నంబరు, కొత్త పుస్తకంలో ఇంకొక నంబరు ఉంటే, రెండూ ఒకే భూమివని చెప్పాల్సింది అర్జీదారే.

"ఎకరం ఇరవై." ఈ మాట తెలుగు నేలంతటా ఒకటే అనుకుంటే పొరపాటే. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి ఇది 1.20 ఎకరాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, కాబట్టి అక్కడ ఎకరం ఇరవై అంటే ఒకటిన్నర ఎకరం. కాగితం మీద కొలమానం పేరు లేకుండా అంకె ఒక్కటే రాయకూడదు. "ఎ.1.20 సెంట్లు (ఒక ఎకరం ఇరవై సెంట్లు)" అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. తేడాను కూడా మీరే లెక్కగట్టి చెప్పండి: 1.20లోంచి 0.80 తీస్తే 0.40, అంటే నలభై సెంట్లు. చదివేవారి చేత తీసివేత చేయించకూడదు.

"మార్పించుకున్నాం కదా." ఈ "కదా" మెసేజీకి ప్రాణం. "నీకు తెలిసిందేగా" అని అవతలివారి జ్ఞాపకాన్ని సాక్షిగా పిలుస్తుంది. కాగితానికి జ్ఞాపకం ఉండదు. కదా ఉన్న ప్రతి చోటా ఒక రుజువు పెట్టాలి. ఇక్కడ ఆ రుజువు భర్త మరణించాక ఆమె పేరిట పట్టా మారిన ఉత్తర్వు, దాని నంబరు, తేదీ. మరి, లే, గా, అసలు లాంటి మాటలదీ ఇదే దారి. అవి తీసేస్తే వాక్యం నిలబడకపోతే అక్కడ ఏదో వివరం తగ్గిందని అర్థం.

"రెండు మూడు సార్లు ఆఫీసుకి వచ్చాం." రెండా, మూడా? తేదీలు గుర్తుంటే రాయాలి. గుర్తు లేకపోతే ఎన్నిసార్లో చెప్పకుండా "ఈ విషయం కార్యాలయంలో మౌఖికంగా విన్నవించాను" అని ఊరుకోవాలి. ఊహించి రాసిన తేదీ ఒక్కటి తప్పని తేలితే మిగతావాటి మీదా అనుమానం వస్తుంది. "రేపు రా ఎల్లుండి రా అంటున్నారు" అన్నది అసలు రాయకూడదు. ఎవరన్నారో తెలియదు, రుజువు లేదు, పైగా అదే కార్యాలయం ఆ కాగితం మీద పని చేయాలి. దానిలోని నిజం ఒక్కటే: పని కాలేదు. "ఇంతవరకు సవరణ జరగలేదు" అంటే ఆ నిజం మర్యాదగానూ గట్టిగానూ వస్తుంది.

"పక్కాయనకి ఎక్కువ పడిందంట." చివరనున్న "అంట" చూడండి. నేను చూడలేదు, విన్నాను అని ఆ ఒక్క ప్రత్యయంతో చెబుతున్నాం. విన్న మాట అర్జీలోకి ఎక్కితే ఆరోపణ అవుతుంది, పక్క రైతుతో తగాదాకు అది మొదటి కాగితమూ అవుతుంది. పక్క ఖాతాలోని భూముల వివరాలుండే 1-బీ రికార్డు నకలు చేతిలో ఉండి, అందులో నిజంగానే విస్తీర్ణం పెరిగి ఉంటే నంబరుతో సహా రాయండి. లేకపోతే ఈ వాక్యం మొత్తం కొట్టేయండి. భూమి కొలిస్తే ఆ సంగతి దానంతట అదే బయటపడుతుంది.

"లోను తీసుకోవాలి అర్జెంటు." అర్జెంటు అనేది అందరూ రాసే మాటే కాబట్టి దానికి బరువు లేదు. కారణం రాస్తే బరువు వస్తుంది: ఈ ఖరీఫ్‌కు పంట రుణం తీసుకోవాలి, బ్యాంకు పాసు పుస్తకంలో ఉన్న విస్తీర్ణాన్నే లెక్కలోకి తీసుకుంటోంది. ఒక్క వాక్యం చాలు. పిల్లల చదువులు, అప్పులు, ఆరోగ్యం ఇక్కడ ఏకరువు పెడితే అసలు విషయం వాటి కింద పడిపోతుంది.

క్రియల దగ్గర జరిగే పొరపాట్లు

ఆఫీసు తెలుగు అనగానే చాలామంది ఒక్కసారిగా వందేళ్లు వెనక్కి వెళ్లిపోతారు. "నేను తమరి దివ్యసముఖమునకు వ్రాయుచున్నదేమనగా" అని మొదలెట్టి, నాలుగో వాక్యానికి ఊపిరి ఆడక "వచ్చాను, ఇవ్వలేదు" అని మామూలు తెలుగులోకి దిగిపోతారు. ఒకే పేరాలో "కోరుచున్నాను", "తెలియజేశాను" రెండూ కనిపిస్తే రాసినవారికి ఏ భాషా పట్టుబడలేదని తెలిసిపోతుంది. ఇవాళ కార్యాలయానికి రాయడానికి గ్రాంథికం అక్కర్లేదు. దినపత్రికల సంపాదకీయాల్లో కనిపించే శిష్ట వ్యావహారికం చాలు: కోరుతున్నాను, తెలియజేస్తున్నాను, జరగలేదు, నమోదైంది. "ము" చివర్లు కూడా వదిలేయవచ్చు. విషయము, కార్యాలయము అని రాస్తే తప్పు కాదు, కానీ మొదలుపెడితే చివరిదాకా అలాగే రాయాలి. విషయం, కార్యాలయం అని రాయడం తేలిక.

"ఇందుమూలముగా తమకు తెలియజేయునది ఏమనగా" అనే వాక్యం లేకపోయినా అర్జీకి లోటు లేదు. అలవాటు కొద్దీ రాసేవారు చేసే తప్పు మరొకటుంది. "ఏమనగా" అని తలుపు తెరిచి, చివర "అని తెలియజేస్తున్నాను" అని మళ్లీ అదే మాట చెప్పి మూస్తారు. రెంటిలో ఒకటి పోవాలి.

మాట్లాడేటప్పుడు క్రియలు కుదించుకుపోతాయి. రాసేటప్పుడు వాటిని విప్పాలి. రావట్లా అన్నది రావడం లేదు అవుతుంది, ఇవ్వట్లేదు అన్నది ఇవ్వడం లేదు అవుతుంది, చెయ్యాలంట అన్నది చేయాలని చెప్పారు అవుతుంది. తెలంగాణలో మాట్లాడే రూపాలకు ఇంకా జాగ్రత్త కావాలి. "నేను పైసలు కట్టిన" అంటే అక్కడ నిండు వాక్యమే. కాగితం మీద అదే మాట "కట్టిన రసీదు"లోని విశేషణంలా కనిపించి, వాక్యం సగంలో ఆగినట్టుంటుంది. "నేను పన్ను చెల్లించాను" అని విప్పాలి. "రాలే" రాలేదు అవుతుంది, "ఇస్తలేరు" ఇవ్వడం లేదు అవుతుంది, "చెప్పిన్రు" చెప్పారు అవుతుంది. ఇందులో ఒక యాస తక్కువని కాదు. కోస్తాలో అనే "ఇవ్వట్లా"నూ ఇలాగే విప్పాలి.

మన మెసేజీలో అందరూ దాటిపోయే మాట ఒకటి ఉంది: "ఎకరం ఇరవై ఉంటే ఎనభై సెంట్లే పడింది." మాటల్లో ఈ "ఉంటే" ఉన్నప్పటికీ అనే అర్థం ఇస్తుంది, గొంతులోని విరుపు ఆ పని చేస్తుంది. కాగితం మీద విరుపు పోయి "ఒకవేళ ఉంటే" అనే షరతు మిగులుతుంది, ఉందో లేదో అర్జీదారుకే తెలియదన్నట్టు. ఇక్కడ కావలసింది "ఉండగా". "విస్తీర్ణం ఎ.1.20 సెంట్లు ఉండగా, ఎ.0.80 సెంట్లుగా నమోదైంది." ఈ ఉండగా, నమోదైంది జంట ఒక్కటి చేతికొస్తే తప్పొప్పుల అర్జీలన్నింటికీ వెన్నెముక దొరికినట్టే. పుట్టిన తేదీ 12 ఉండగా 21గా నమోదైంది, ఇంటిపేరు ఇలా ఉండగా అలా నమోదైంది అని రాసుకుంటూ పోవచ్చు.

"నాన్న పోయాక"లో "పోయాక" కూడా మాటల్లోనే చెల్లుతుంది. "నా భర్త 02-11-2018న మరణించారు" అనడమే సూటి. "స్వర్గస్తులైనారు" అన్నది దశదిన కర్మ కార్డుకు సరిపోతుంది, రెవెన్యూ కాగితానికి కాదు. పేరు రాసేటప్పుడు ముందు "కీ.శే." పెట్టండి.

ఇక కర్మణి ప్రయోగం. "తక్కువ విస్తీర్ణం నమోదు చేయబడినది, నాచే దరఖాస్తు ఇవ్వబడినది" అని బడు తగిలించి రాస్తే గౌరవంగా ఉంటుందన్న భ్రమ ఒకటి ఉంది. తెలుగు చెవికి అది ఎప్పుడూ కొంచెం మూలుగుతున్నట్టే ఉంటుంది. చేసింది ఎవరో చెప్పనక్కర్లేని చోట "నమోదైంది, జారీ అయింది, తగ్గింది" అనే అకర్మక క్రియలు మనకు ఉన్నాయి, వాటిని వాడుకోవాలి. "జతపరచడమైనది, సమర్పించడమైనది" అనే రూపం కార్యాలయం నుంచి వచ్చే జవాబుల్లో బాగుంటుంది. అక్కడ మాట్లాడేది వ్యక్తి కాదు, కార్యాలయం. అర్జీదారు మనిషే కాబట్టి "జతపరిచాను" అంటే చాలు.

అడగడం ఎలా

"కొంచెం చూసి సరిచేయించన్నా" అన్న మాటలో బంధుత్వం ఉంది, బతిమాలడం ఉంది, పని మాత్రం సరిగా లేదు. ఏం చూడాలి, ఏ రికార్డులో సరిచేయాలి? మర్యాద విషయానికొస్తే "సరిచేయండి" అనే ఆజ్ఞార్థకం ఎంత మెత్తగా రాసినా అర్జీలో నప్పదు. "సవరించవలసిందిగా కోరుతున్నాను" అనాలి. "దయచేసి" ఒక్కసారి రాస్తే చాలు. మూడుసార్లు రాస్తే బతిమాలినట్టుంటుంది.

"సరిచేయించు" అనే ప్రేరణార్థకాన్ని కూడా ఆలోచించి మార్చాలి. వీఆర్వోతో "చేయించన్నా" అన్నది సరైనదే, ఎందుకంటే ఆయన వేరేవారి చేత చేయించాలి. అర్జీ తహసీల్దారుకే రాస్తున్నప్పుడు ఆయన తానే చేయగల పనికి మామూలు క్రియ వాడాలి: పరిశీలించి, సవరించి. కిందివారి చేత జరగాల్సిన పనికి ప్రేరణార్థకం వాడాలి: సర్వేయరు ద్వారా కొలిపించి. అధికారి ఎంతవరకు తాను చేస్తారో, ఎక్కడ ఇంకొకరికి పంపిస్తారో ఈ తేడా వల్ల అర్జీలోనే కనిపిస్తుంది.

సంబోధనకు "మీరు" లేదా "తమరు" ఏదైనా సరే, కలపకూడదు. "తమ కార్యాలయం" అని ఒక వాక్యంలో, "మీ ఆఫీసు" అని ఇంకొక వాక్యంలో రాస్తే మొదటి మర్యాద అరువు తెచ్చుకున్నదిలా కనిపిస్తుంది. తహసీల్దారు మహిళైతే "అయ్యా" అని మొదలుపెట్టడం ఎబ్బెట్టు. "గౌరవనీయులైన తహసీల్దారు గారికి" అంటే ఎవరున్నా సరిపోతుంది. మరొక మాట: తన పేరు పక్కన "గారు" రాసుకోకూడదు. తల్లి తరఫున కొడుకు రాస్తున్నప్పుడు ఆమె పేరు పక్కన అలవాటుగా "గారు" చేరుతుంది, అది చూసుకుని తీసేయాలి.

ఏ ఇంగ్లీషు మాట ఉండాలి, ఏది పోవాలి

ఇక్కడ పట్టుదల పనికిరాదు. ఆ కాగితం మీదే ఏ పేరు అచ్చయి ఉందో అదే రాయాలి. పుస్తకం అట్ట మీద "పట్టాదారు పాసు పుస్తకం" అని ఉంటుంది కాబట్టి అదే. సర్వే నంబరు, ఆధార్, బ్యాంకు, రిజిస్ట్రేషన్ అలాగే ఉంటాయి, వాటికి కొత్త తెలుగు పుట్టిస్తే గుమస్తా ఆగి ఆలోచించాలి. మ్యుటేషన్‌ను మాత్రం పట్టా మార్పిడి అని రాయవచ్చు, రెవెన్యూవారికి రెండూ తెలుసు. కరెక్టుగా, లోను, ఆఫీసు, అర్జెంటు అనేవి ఏ కాగితం పేర్లూ కావు, మాటల్లోకి వచ్చి చేరినవి. వాటిని సరిగా, రుణం, కార్యాలయం, త్వరగా అని మార్చేయవచ్చు.

విభక్తులు కూడా సరిచూసుకోండి. మాటల్లో అన్నింటికీ "కి" తగిలిస్తాం: ఆఫీసుకి, తహసీల్దారుకి. రాతలో ఇ, ఈ, ఐలతో ముగిసే మాటలకు కి, ని వస్తాయి: అధికారికి, భూమిని. మిగతావాటికి కు, ను వస్తాయి: తహసీల్దారుకు, బ్యాంకుకు, పేరును. సున్నాతో ముగిసే మాటలు వేరు: కార్యాలయానికి, పుస్తకాన్ని.

విషయం, సూచిక

విషయం అంటే వాక్యం కాదు. పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ గీతలతో విడగొట్టిన మాటల వరుస, చివర "గురించి". ఏ కాగితం, ఏ భూమి, ఏం తప్పు, ఏం కావాలి అనే వరుసలో ఉండాలి. గుమస్తా అర్జీ మొత్తం చదవకుండా ఈ రెండు పంక్తులు చూసి ఏ సీటుకు పంపాలో నిర్ణయిస్తారు. "నా సమస్య పరిష్కారం గురించి" అని రాస్తే ఆ నిర్ణయానికి ఆధారమే ఉండదు.

సూచికలో ముందు జరిగిన కాగితాలు మాత్రమే ఉండాలి: ఉత్తర్వులు, పాత దరఖాస్తులు. మౌఖికంగా చెప్పినవి సూచిక కావు. నకలు మీ చేతిలో లేని కాగితాన్ని సూచికలో పెట్టకండి, చూపించమంటే కష్టం.

మారిన తర్వాత

తేదీ: 18-08-2025
................ గ్రామం

గౌరవనీయులైన తహసీల్దారు గారికి,
తహసీల్దారు కార్యాలయం,
................ మండలం, ................ జిల్లా.

విషయం: పట్టాదారు పాసు పుస్తకం – ................ గ్రామం, ఖాతా నం. 347, సర్వే నం. 112/2 – విస్తీర్ణం తక్కువగా నమోదు కావడం – సవరణ కోరడం – గురించి.

సూచిక: పట్టా మార్పిడి ఉత్తర్వు నం. ................, తేదీ 14-03-2019.

పై విషయానికి సంబంధించి, ................ గ్రామంలో సర్వే నం. 112/2లో ఎ.1.20 సెంట్ల (ఒక ఎకరం ఇరవై సెంట్లు) భూమి నా భర్త కీ.శే. ................ పేరిట ఉండేది. ఆయన 02-11-2018న మరణించారు. తర్వాత సూచికలోని ఉత్తర్వు ద్వారా ఆ భూమి మొత్తం ఖాతా నం. 347 కింద నా పేరిట మారింది. ఆనాటి 1-బీలో విస్తీర్ణం ఎ.1.20 సెంట్లుగానే ఉంది.

26-06-2025న నాకు అందిన పట్టాదారు పాసు పుస్తకంలో ఇదే భూమి విస్తీర్ణం ఎ.1.20 సెంట్లు ఉండవలసి ఉండగా, ఎ.0.80 సెంట్లుగా నమోదైంది. అంటే ఎ.0.40 సెంట్లు (నలభై సెంట్లు) తగ్గింది. ఈ భూమిలో నేను ఎవరికీ ఎలాంటి విక్రయం గాని, దానం గాని చేయలేదు.

ఈ విషయాన్ని 07-07-2025న, 21-07-2025న తమ కార్యాలయంలో మౌఖికంగా విన్నవించాను. ఇంతవరకు సవరణ జరగలేదు. ఈ సీజన్ పంట రుణానికి బ్యాంకు పాసు పుస్తకంలోని విస్తీర్ణాన్నే పరిగణిస్తున్నందున నాకు ఇబ్బంది కలుగుతోంది.

కావున, దయచేసి పాత రికార్డులను పరిశీలించి, అవసరమైతే సర్వేయరు ద్వారా భూమిని కొలిపించి, 1-బీలోను పట్టాదారు పాసు పుస్తకంలోను విస్తీర్ణాన్ని ఎ.1.20 సెంట్లుగా సవరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు
(సంతకం)
పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, గ్రామం, ఫోన్ నంబరు

జతపరిచిన నకళ్లు:
1. పట్టా మార్పిడి ఉత్తర్వు
2. పాత 1-బీ
3. ప్రస్తుత పట్టాదారు పాసు పుస్తకం
4. భర్త మరణ ధ్రువీకరణ పత్రం
5. ఆధార్ కార్డు

మెసేజీలో లేని వాక్యం ఒకటి ఇందులో చేరింది: "విక్రయం గాని, దానం గాని చేయలేదు." విస్తీర్ణం తగ్గిందనగానే ఎదుటివారికి మొదట వచ్చే అనుమానం కొంత అమ్మేశారేమోనని. అది అడగకముందే జవాబు చెబితే ఒక తిరుగుడు తగ్గుతుంది. అయితే ఇది పూర్తిగా నిజమైతేనే రాయాలి. పది సెంట్లు దారికి ఇచ్చి ఉంటే అదీ రాసి, మిగతా తేడానే అడగాలి.

అర్జీ ఒక పేజీ దాటకుండా చూసుకోండి. దాటుతుంటే మధ్య పేరాల్లో కథ దూరిందని అర్థం, అడిగే పేరాను మాత్రం తగ్గించకండి. కంప్యూటరులో టైపు చేయిస్తే యూనికోడ్ అక్షరాల్లో చేయించండి. యూనికోడ్ కాని అను లిపిలో చేసిన ఫైలును మెయిల్లోనో పోర్టల్లోనో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. చివరగా ఎవరైనా ఊరు తెలియని మనిషి చేత ఒకసారి బయటకు చదివించండి. చదువుతూ ఎక్కడ ఆగి "ఎవరు? ఏది?" అని అడుగుతారో అక్కడ ఇంకా మెసేజీ మిగిలి ఉంది.

తల్లికి సంతకం రాకపోతే ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేయించి, పక్కన "ఇది ఫలానావారి వేలిముద్ర" అని రాసి, రాసినవారి పేరు, సంతకం కింద పెట్టాలి. నకళ్ల మీద ప్రతి పేజీలో అర్జీదారు సంతకమో వేలిముద్రో ఉండాలి. అసలు పత్రాలు ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక పీజీఆర్‌ఎస్‌లో ఇస్తే అర్జీ నంబరు వస్తుంది, అది జాగ్రత్త చేయండి. తెలంగాణలో ప్రజావాణి కూడా సోమవారమే, కాకపోతే అక్కడి అర్జీలో సెంట్ల చోట గుంటలు ఉంటాయి. నేరుగా వెళ్లలేనివారు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదును అర్జీ నకలుకు కుట్టి ఉంచుకోవాలి.

ఇంత చేశాక వీఆర్వో అన్నకు మళ్లీ మెసేజీ పెట్టవచ్చు, ఈసారి మామూలు మాటల్లోనే: "అన్నా, ఇవాళ అమ్మ పేరుతో అర్జీ ఇచ్చాం, ఆఫీసు ముద్ర వేసిన కాపీ ఫొటో పెట్టా చూడు. రిపోర్టుకి మీ దగ్గరికే వస్తుందంట, వచ్చినప్పుడు ఓ ఫోన్ కొట్టన్నా, పొలం దగ్గరికి నేనొస్తా."